గోడకు వాలిన నిచ్చెన, దారి తప్పిన బాణం

ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లకు గోడకు వాలిన నిచ్చెన లెక్క గుర్తుండే ఉంటుంది. నిచ్చెన పొడవు 5 మీటర్లు, బరువు 200 న్యూటన్లు అనుకుందాం. దాని అడుగు గోడకు 3 మీటర్ల దూరంలో, పైకొస 4 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. గోడ నున్నగా, నేల గరుకుగా ఉంది. నిచ్చెన ఒక్కదాన్నే విడిగా గీసి, మిగతా వస్తువులు దాని మీద చూపే బలాలను బాణాలుగా చూపిస్తే అదే స్వేచ్ఛా వస్తు పటం.

ఒక విద్యార్థి మూడు బాణాలు గీశాడు. నిచ్చెన మధ్య నుంచి కిందికి బరువు, నేల దగ్గర నిలువుగా పైకి ఒకటి, పైకొస దగ్గర నిచ్చెన వెంబడే కిందికి మరొకటి.

దీన్ని దిద్దేటప్పుడు బాణాల జోలికి వెళ్లకముందే నిచ్చెన దేన్ని తాకుతోందో చూడడం మంచి పద్ధతి. బరువు తాకకుండానే పనిచేస్తుంది కాబట్టి ఆ బాణం ఎలాగూ ఉండాలి. తాకేవి రెండే: గోడ, నేల. ఏ తలమైనా తనకు లంబంగా నెట్టగలదు, గరుకుదైతే తన వెంబడి ఘర్షణతోనూ పట్టి ఆపగలదు. నున్నటి గోడకు రెండోది చేతకాదు. అది అడ్డంగా, తన నుంచి బయటికి మాత్రమే నెడుతుంది. ఆ దిశను నిర్ణయించేది గోడ తలం, నిచ్చెన వాలు కాదు. విద్యార్థి మూడో బాణం అక్కడే తప్పింది.

ఆ బాణాన్ని సరిదిద్దగానే లోపించిన బలం బయటపడుతుంది. అడ్డంగా గోడ నెట్టే బలం ఒక్కటే ఉంటే నిచ్చెన నిలవదు. దానికి ఎదురు నిలిచేది నేల ఘర్షణ. దాని దిశ తెలియాలంటే నేల మీద నూనె పోసినట్టు ఊహించాలి. అప్పుడు నిచ్చెన అడుగు గోడకు దూరంగా జారుతుంది. ఘర్షణ ఆ జారుడును ఆపాలి కాబట్టి బాణం గోడ వైపు ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి గీస్తారు. అప్పుడు అడ్డం బాణాలు రెండూ ఒకే వైపు తిరిగి, బొమ్మే తప్పును పట్టిస్తుంది.

అడుగు చుట్టూ తిప్పే ప్రభావాలను సమం చేస్తే, 200ను 1.5తో గుణించి 4తో భాగించగా గోడ నెట్టే బలం 75 న్యూటన్లు వస్తుంది. ఘర్షణ కూడా అంతే. నేల పైకి నెట్టేది 200.

లెక్క లేకుండా స్కేలుతో సరిచూసే దారీ ఉంది. బరువు గీతను పైకి, గోడ బాణం గీతను అడ్డంగా పొడిగిస్తే అవి ఒక బిందువు దగ్గర కలుస్తాయి. నేల చూపే మొత్తం బలం కూడా ఆ బిందువు గుండానే పోవాలి. ఆ గీత నిచ్చెన కంటే నిటారుగా ఉంటుంది. నేల బలాన్ని నిచ్చెన వెంబడి గీసిన బొమ్మ ఈ పరీక్షలో నిలవదు.

బాణాలు సమానమైనంత మాత్రాన బొమ్మ ఒప్పని కాదు. ఎదురెదురుగా రెండు లేని బలాలు గీసినా లెక్క కుదురుతుంది. అందుకే ప్రతి బాణం దగ్గరా ఈ బలం ఏ వస్తువు చూపిస్తోందని అడగాలి. జవాబు లేని బాణాన్ని కొట్టేయాలి. గోడ కూడా గరుకుదైతే పైకొస దగ్గర గోడ వెంబడి ఇంకో ఘర్షణ బాణం చేరుతుంది. అప్పుడు తెలియని బలాలు నాలుగు, సమతుల్యత ఇచ్చే సమీకరణాలు మూడే. బొమ్మ సరిగ్గా ఉన్నా, మరో సమాచారం లేనిదే విలువలు తేలవు.