ఎనిమిది మిల్లీసెకన్ల గెంతు

ఐడీ సాఫ్ట్‌వేర్ 1999లో విడుదల చేసిన క్వేక్ 3 అరీనాను పట్టుదలగా ఆడినవాళ్లకు 125 అనే అంకె బాగా గుర్తుంటుంది. సెట్టింగుల్లో `com_maxfps` దగ్గర ఆ అంకె పెట్టుకుంటే ఆటలో మరికాస్త ఎత్తుకు ఎగరగలిగేవారు. నిజానికి ఆ సెట్టింగు చేయాల్సిందల్లా సెకనుకు గరిష్ఠంగా ఎన్ని బొమ్మలు గీయాలో చెప్పడమే. గెంతే ఎత్తుతో దానికి ఏ సంబంధమూ ఉండకూడదు. ఆ సంబంధం ఎలా వచ్చిందో అర్థమైతే, ఆటల్లో కాలాన్ని ఎలా లెక్కపెట్టాలో అర్థమైనట్టే.

ప్రతి వీడియో గేమ్ లోపలా ఒక చక్రం ఆగకుండా తిరుగుతుంటుంది. మీరు నొక్కిన బటన్ చూస్తుంది, ఆటలోని ప్రపంచాన్ని కొంచెం ముందుకు జరుపుతుంది, బొమ్మ గీస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఇదే గేమ్ లూప్. గీసిన ఒక్కో బొమ్మ ఒక ఫ్రేమ్. పాత పీసీ ఆటలు కొన్ని ఫ్రేముకు ఇంత దూరం అని బొమ్మను జరిపేవి. కంప్యూటర్ వేగం పెరిగితే ఆట కూడా పట్టపగ్గాల్లేకుండా పరుగెత్తేది. అప్పటి పీసీ డబ్బాల మీద ఉండే టర్బో బటన్‌కు ఒక ఉపయోగం అలాంటి ప్రోగ్రాముల కోసం యంత్రాన్ని నెమ్మదింపజేయడమే.

దీనికి విరుగుడుగా వచ్చింది డెల్టా టైమ్. కిందటి ఫ్రేము నుంచి ఈ ఫ్రేముకు ఎంత సమయం గడిచిందో గడియారంలో చూసి, వేగాన్ని దానితో గుణించి అంత దూరం జరపడం. నేరుగా ఒకే వేగంతో పోయే వస్తువుకు ఈ లెక్క చక్కగా సరిపోతుంది. సెకనును పది ముక్కలు చేసినా వంద ముక్కలు చేసినా మొత్తం దూరం ఒకటే. చిక్కంతా వేగమే క్షణక్షణం మారుతున్నప్పుడు.

ఒక గెంతును కాగితం మీద వేసి చూద్దాం. పైకి ఎగిరే వేగం సెకనుకు 5 మీటర్లు. గురుత్వాకర్షణను సులువు కోసం 10 అనుకుందాం. సూత్రం ప్రకారం చేరాల్సిన ఎత్తు 1.25 మీటర్లు. ఆటలు ఎక్కువగా చేసే పద్ధతి ఏమిటంటే, ప్రతి ఫ్రేములోనూ ముందు వేగాన్ని తగ్గించి, ఆ తగ్గిన వేగంతో వస్తువును జరపడం. సెకనుకు పది ఫ్రేములు గీసే నెమ్మది యంత్రంలో వేగం 4, 3, 2, 1, 0 అని దిగుతుంది. వీటి మొత్తం 10, ఒక్కో ఫ్రేము 0.1 సెకను, కాబట్టి ఎత్తు సరిగ్గా 1 మీటరు. సెకనుకు యాభై ఫ్రేములు గీసే యంత్రంలో ఇదే లెక్క 25 ఫ్రేముల పాటు సాగి 1.2 మీటర్లు ఇస్తుంది. మధ్యలో 1.1 మీటర్ల గోడ కట్టారనుకోండి. మంచి యంత్రం ఉన్నవాడు దాటతాడు, లేనివాడు రోజంతా ప్రయత్నించినా దాటలేడు. ఇద్దరిదీ ఒకే ఆట, ఒకే కోడ్.

గెంతు వరకైతే ఫ్రేము మొదటి వేగానికీ చివరి వేగానికీ సగటు తీసుకుని ఈ తేడాను పూడ్చవచ్చు. క్వేక్ 3 రాసినవాళ్లు ఆ సగటు తీసుకున్నారు కూడా. అయినా తేడా మరో దారిన వచ్చింది. ఆ ఆటలో ప్రతి ఫ్రేము చివరా వేగాన్ని దగ్గర్లోని పూర్ణాంకానికి సర్దేస్తారు. గురుత్వాకర్షణ 800, గెంతు వేగం 270. 125 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేము 8 మిల్లీసెకన్లు, అంటే వేగం 6.4 తగ్గాలి. సర్దుబాటుతో 6 మాత్రమే తగ్గుతుంది. కొట్టువాడు ప్రతి బేరంలోనూ నలభై పైసలు వదిలేసినట్టన్నమాట. 45 ఫ్రేములు గడిచేసరికి ఆ పైసలన్నీ కలిసి, 45.6 దగ్గర ఆగాల్సిన ఆటగాడు 48.5 దాకా లేస్తాడు. మామూలుగా ఉండే 85 సెట్టింగులో ఒక్కో ఫ్రేము 11 మిల్లీసెకన్లు. అక్కడ 8.8 కాస్తా 9 అయి, ఎత్తు 44.6కి పడిపోతుంది. గురుత్వాకర్షణ అందరికీ ఒకటే, చిల్లర లెక్కే వేరు.

స్ప్రింగుల దగ్గర ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. కారు సస్పెన్షన్, వేలాడే తాడు వంటివన్నీ లోపల స్ప్రింగుల లెక్కలే. సాగిన స్ప్రింగు వెనక్కి లాగుతుంది. కంప్యూటర్ ఒక్క క్షణం తడబడి ఆ ఫ్రేము పొడవైతే, ఆ లాగుడు అంత పొడవు సమయమూ పనిచేసినట్టు లెక్కపడి, వస్తువు మధ్య బిందువును దాటి మొదటికన్నా దూరం పోతుంది. తరవాతి ఫ్రేములు కూడా అంతే పొడవుగా వస్తే లాగుడు ఇంకా పెరుగుతుంది, ఇంకా దూరం పోతుంది. కాసేపటికి కారు ఆకాశంలో ఉంటుంది. ఆడుతుంటే బొమ్మ ఉన్నట్టుండి ఎగిరిపోయిందంటే నేను మొదట అనుమానించేది దీన్నే.

అందుకే ఫిజిక్స్‌కు ఫిక్స్‌డ్ టైమ్‌స్టెప్ కావాలి, అంటే ఎప్పుడూ ఒకే కొలత గల అంగ. గడియారం ఎలా కదిలినా ఫిజిక్స్ మాత్రం 20 మిల్లీసెకన్ల చొప్పునే అడుగు వేస్తుంది. ఇందుకు వాడే పద్ధతిని గ్లెన్ ఫీడ్లర్ 2004లో రాసిన వ్యాసం చాలామంది ప్రోగ్రామర్లకు నేర్పింది. అందులోని ముఖ్యభాగం ఇంతే:

```
accumulator += frameTime
while accumulator >= dt:
    step(dt)
    accumulator -= dt
```

`accumulator`ను చిల్లర వేసుకునే డిబ్బీ అనుకోండి. మొదటి ఫ్రేముకు 16 మిల్లీసెకన్లు పట్టింది, డిబ్బీలో వేశాం. 20 నిండలేదు కాబట్టి ఫిజిక్స్ కదలదు. తరవాతి ఫ్రేముకు 17 వచ్చి మొత్తం 33 అయింది. ఒక అడుగు వేసి 20 తీసేస్తే 13 మిగులుతుంది. యంత్రం తడబడి ఆ తరవాతి ఫ్రేముకు 50 పడితే మొత్తం 63, మూడు అడుగులు వేసి 3 మిగుల్చుకుంటాం. పొడవైన ఒక్క అంగ మాత్రం ఎప్పుడూ వేయం. చిల్లర పారేయం, అప్పూ చేయం.

అయితే బొమ్మ గీసే వేళకు డిబ్బీలో ఎప్పుడూ కొంత మిగిలే ఉంటుంది. దాన్ని పట్టించుకోకపోతే కదలిక సన్నగా అదురుతూ కనిపిస్తుంది. కాబట్టి కిందటి అడుగులోని చోటుకూ ఇప్పటి చోటుకూ మధ్య, మిగిలిన చిల్లర ఎంత భాగమో అంత దూరంలో బొమ్మ గీస్తారు. 13 మిగిలితే 20లో 13 వంతు. దీనివల్ల కంటికి కనబడేది గరిష్ఠంగా ఒక అడుగు వెనకబడి ఉంటుంది. ఆ వెల చెల్లించక తప్పదు.

ఇంకో గండం కూడా ఉంది. 20 మిల్లీసెకన్ల అడుగును లెక్కించడానికే యంత్రానికి 25 పడితే, ప్రతి ఫ్రేముకూ బాకీ పెరుగుతూ ఆట గడ్డకట్టిపోతుంది. అందుకని ఒక ఫ్రేముకు, ఎంత ఆలస్యమైనా, ఫలానాదానికి మించి డిబ్బీలో వేయకూడదని హద్దు పెడతారు. ఫీడ్లర్ కోడ్‌లో ఆ హద్దు పావు సెకను. అది దాటితే ఆట నెమ్మదిస్తుంది, కానీ లెక్క చెడదు.

క్వేక్ 3లోనూ తరవాత `pmove_fixed` అనే సెట్టింగు వచ్చింది. దాన్ని ఆన్ చేస్తే ఆటగాళ్లందరి కదలికనూ ఒకే కొలత ముక్కల్లో లెక్కిస్తుంది. ఆ కొలత `pmove_msec`లో ఉంటుంది, మామూలుగా 8. ఇప్పటి ఇంజిన్లలో ఈ ఏర్పాటు ముందే ఉంటుంది. యూనిటీలో `FixedUpdate` మామూలుగా 0.02 సెకనుకు ఒకసారి, గోడో ఇంజిన్‌లో `_physics_process` సెకనుకు 60 సార్లు నడుస్తాయి. కెమెరా, మెనూలు, మెరుపుల వంటివాటికి డెల్టా టైమే చాలు.

మీరు యూనిటీలో ఆట తయారుచేస్తుంటే ఈ పూటే ఒక పరీక్ష పెట్టండి. `QualitySettings.vSyncCount = 0` అని పెట్టి, `Application.targetFrameRate`ను ఒకసారి 30కి, ఒకసారి 144కి మార్చి, మీ పాత్ర ఎంత ఎత్తు గెంతుతోందో రెండుసార్లూ రాసుకోండి. రెండు అంకెలూ వేరువేరుగా వస్తే, గెంతు లెక్క `Update`లో ఉందేమో చూసి, దాన్ని `FixedUpdate`లోకి మార్చండి.