కమోడ్ సీటు పక్కకి జరుగుతుంటే

కమోడ్ సీటు వెనుక రెండు బోల్టులు పింగాణీ రంధ్రాల్లోంచి దిగి, అడుగున నట్లతో బిగుస్తాయి. ఆ రంధ్రాలు బోల్టుల కన్నా కాస్త వెడల్పు. అందుకే నట్టు కొంచెం వదులైనా, కూర్చున్న మనిషి పక్కకి ఒరిగిన ప్రతిసారీ సీటు జరుగుతుంది. నున్నటి, తడి పింగాణీ మీద ఉత్త ప్లాస్టిక్ వాషర్‌కు పట్టు దొరకదు. కాబట్టి నట్టును మళ్లీ మళ్లీ బిగించినా కొద్ది రోజులకే వదులవుతుంది.

సరైన మరమ్మతుకు బోల్టులు పూర్తిగా విప్పాలి. రంధ్రాల చుట్టూ పేరుకున్న ఉప్పునీటి గారను తుడిచి, ఆరనివ్వాలి. పింగాణీకి పైన, కింద రబ్బరు వాషర్లు వేయాలి. కింది వాషర్ శంకువు ఆకారంలో ఉంటే రంధ్రంలోకి దిగి బోల్టును మధ్యలో నిలుపుతుంది. సీటును సరిగ్గా మధ్యకు జరిపి, రెండు నట్లనూ చేత్తో సమానంగా బిగించి, తర్వాత స్పానర్‌తో పావు చుట్టు తిప్పితే చాలు. అంతకు మించితే పింగాణీ పగలవచ్చు.

నట్టు బిగుసుకోకుండా ఊరికే తిరుగుతుంటే ప్లాస్టిక్ మరలు అరిగిపోయినట్లే. అప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుల సెట్టు వేయాలి. సీటు కీలే విరిగితే మాత్రం కీలును గానీ, విడిగా దొరక్కపోతే సీటును గానీ మార్చాలి.