గుడి గంట

గుడిలో అడుగు పెట్టగానే పిల్లల చూపు దేవునికన్న ముందు గంట మీదికి పోవును. అందనివారు తండ్రి చంకనెక్కియైనను దానిని మ్రోగింతురు. గంట యేల కొట్టవలెనని అడిగినచో, దేవుని లేపుటకని కొందరు చెప్పుదురు. దేవుని మేలుకొలుపునకు వేకువ సుప్రభాతము వేరుగా ఉన్నది గదా! పట్టపగలు పోయినవారును గంట కొట్టుచునే యున్నారు. కనుక లేపవలసినది మన మనస్సునని మేము తలంచుచున్నాము.

పూజారంభమున అర్చకుడు చేతిగంట వాయించుచు ఒక శ్లోకము చదువును. దేవతలు వచ్చుటకును, రాక్షసులు తొలగుటకును ఈ నాదము చేయుచున్నానని దాని భావము. ఆ రాక్షసుల కొఱకు ఎక్కడనో వెదుక నక్కరలేదు. ఇంటివద్ద తమ్మునితో పడిన తగవు, రేపటి లెక్కల పరీక్ష, బయట విడిచిన చెప్పులు పోవునేమోనను దిగులు, ఇవన్నియు మనతోనే గడప దాటి వచ్చును. గంట మ్రోగగానే చెవి ఆ నాదమును పట్టుకొనును. తక్కిన తలంపులు క్షణకాలము ఆగును. "స్వామీ, వచ్చితిని" అని మనము చెప్పుకొనుటకు అదియే సమయము.

ఆ నాదము అంతసేపు నిలుచుటకు కారణము కంచు. సుమారు నాలుగు పాళ్ళు రాగికి ఒక పాలు తగరము కలిపి మంచి గంటను పోత పోయుదురు. విడివిడిగా రెండును మెత్తని లోహములే. కలిసినపుడు గట్టిపడి, దెబ్బ తగిలినంతనే చాలసేపు కంపించును. మ్రోగుచున్న గంట అంచును వ్రేలితో మెల్లగా తాకి చూడుడు, ఆ వణకు తెలియును. చేతితో గట్టిగా పట్టుకొన్నచో నాదము చప్పున ఆగిపోవును. కంచు గట్టిదే కాని పెళుసు. బీటవారిన గంటలో పగులు అంచులు ఒకదానినొకటి ఒరసికొనుటచే కంపము అక్కడనే అణగిపోయి, పగిలిన కుండవలె బొంగురుగా పలుకును. అట్టిదానిని సాధారణముగా కరగించి మరల పోయవలసినదే.

తిరుమలలో ఒక విశేషము కలదు. అక్కడ గర్భాలయమున అర్చకుడు చేతిగంట వాయింపడు. నైవేద్య సమయమున వెలుపల తిరుమామణి మండపములోని పెద్దగంటలను మ్రోగింతురు. కాంచీపురమున తూప్పుల్‌లో 1268లో జన్మించిన వేదాంతదేశికులు స్వామివారి గంటయొక్క అవతారమని వైష్ణవ సంప్రదాయము. గర్భాలయమున గంట లేకపోవుటకు అదియే కారణమందురు.

గంటమ్రోతకు క్రిములు చచ్చునని ఈ కాలమున కొందరు ప్రచారము చేయుచున్నారు. దానికి నిదర్శనమేదియు మాకు కనబడలేదు. గంటకు ఆ గొప్ప అవసరమును లేదు.

త్రాడు పట్టుకొని వరుసగా బాదినచో రెండవ దెబ్బ మొదటి నాదమును మ్రింగివేయును. లోపల కన్నులు మూసికొని కూర్చున్నవారికి అది బాధయే. ఒక్కమారు కొట్టి, ఆ నాదము సన్నగిల్లి పూర్తిగా అణగువఱకు విని, పిమ్మట లోనికి పొండు.