సెలవు జవాబులో తేదీ తేలాలి

సెలవులో ఉన్న ఉద్యోగి మెయిల్ పెట్టె దానంతట అదే పంపే జవాబు ఒకటి ఇలా ఉంది: “నేను 9/6 నుంచి 12/6 వరకు సెలవులో ఉన్నారు. వచ్చే శుక్రవారం వస్తాను. అర్జంటయితే మా సెక్షన్ వాళ్లను సంప్రదించగలరు.”

భాషా దోషాలు రెండే. ‘నేను’కు ‘ఉన్నాను’ రావాలి. ‘సంప్రదించగలరు’ అంటే ఆ శక్తి ఉందని అర్థం; అడగాల్సింది ‘సంప్రదించండి’ అని.

అసలు చిక్కు తేదీలది. 9/6 మనకు జూన్ 9. డాలస్‌లో ఉన్నవారికి సెప్టెంబరు 6. అలా చదివితే నాలుగు రోజుల సెలవు మూడు నెలలవుతుంది! ‘వచ్చే శుక్రవారం’ మరీ జారుడు మాట. సోమవారం చదివినవారికి అది ఈ వారందో, పై వారందో తేలదు. జవాబు రాసిన రోజు వేరు, అవతలివారికి అందే రోజు వేరు కదా. పైగా ‘వరకు’లో చివరి రోజు కలుస్తుందో లేదో కూడా అనుమానమే. తిరిగి వచ్చే తేదీని వారంతో సహా చెబితే ఆ అనుమానమూ పోతుంది.

దిద్దాక: “నేను జూన్ 9 నుంచి 12 వరకు సెలవులో ఉన్నాను. జూన్ 13, శుక్రవారం ఆఫీసుకు వస్తాను. అర్జంటయితే మా సెక్షన్ వాళ్లను సంప్రదించండి.”

‘అర్జంటు’ను ‘అత్యవసరం’గా మార్చనక్కర్లేదు. అది రాసినవారి మాట తీరు, తప్పు కాదు.