రెండు గుమ్మాలు, ఒకే చిట్టా

రాజమండ్రిలో మా అక్క పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతుంది. సగం ఆర్డర్లు చుట్టుపక్కల జిల్లాల నుంచి వస్తాయి, సగం అమెరికాలో ఉన్న మనవాళ్ల నుంచి. ఏప్రిల్లో ఆవకాయ మొదలైతే ఆమె వెబ్‌సైటు నడుం వంగిపోయేది. పేజీ తెరుచుకునేలోపే విసుగొచ్చి వెళ్లిపోయేవాళ్లు. అందుకని ఫిబ్రవరిలోనే సైటును కొత్త హోస్టింగుకు మార్చేద్దామనుకున్నాం. అక్క పెట్టిన షరతు ఒక్కటే. "ఒరేయ్ తమ్ముడూ, షాపు మూశామని బోర్డు కనపడకూడదు. ఒక్క ఆర్డరు పోకూడదు."

ఇలాంటి పని అడిగితే చాలామంది "డీఎన్ఎస్ మార్చాక ప్రపంచమంతా పాకడానికి 24 నుంచి 48 గంటలు పడుతుందండీ, ఓపిక పట్టాలి" అంటారు. నిజానికి ఏదీ ఎక్కడికీ పాకదు. ఆ సంగతి అర్థమైతే మిగతా పని తేలిక, అందుకే దాని దగ్గర కాస్త ఆగుతాను.

మన డొమైన్ పేరుకు ఏ సర్వరు ఐపీ అడ్రసు ఉందో చెప్పే పుస్తకం డీఎన్ఎస్. ఆ పుస్తకం అసలు ప్రతి ఒకచోటే ఉంటుంది. ఎవరైనా మన సైటు తెరవబోతే వాళ్ల ఇంటర్నెట్ కంపెనీ సర్వరు అసలు పుస్తకాన్ని అడిగి, జవాబును తన దగ్గర రాసిపెట్టుకుంటుంది. మళ్లీ ఎవరైనా అడిగితే రాసిపెట్టుకున్నదే చెబుతుంది. ఎంతసేపు అలా చెప్పవచ్చో మనమే ఆ జవాబు పక్కన సెకన్లలో రాస్తాం. దాన్నే టీటీఎల్ అంటారు. కాబట్టి మనం అడ్రసు మార్చినప్పుడు కొత్త కబురు ఊరూరా వెళ్లదు. పాత చీటీల గడువు ఎక్కడికక్కడ తీరిపోతుంది, అంతే.

దీన్ని కళ్లారా చూడవచ్చు. లినక్స్‌లోగాని, మ్యాక్‌లోగాని ఈ ఆదేశం ఇవ్వండి. అక్క డొమైన్ బదులు ఇక్కడ example.com అని రాస్తున్నాను, ఐపీలు కూడా ఉదాహరణకు పెట్టినవే.

```
dig example.com A +noall +answer
example.com.  14400  IN  A  192.0.2.10
```

ఒక నిమిషం ఆగి మళ్లీ ఇస్తే 14400 ఉన్నచోట సుమారు 14340 కనపడుతుంది. మీ ఇంటి కనెక్షన్ వెనకున్న సర్వరు దగ్గర చీటీ వయసు తరుగుతోందన్నమాట. 14400 సెకన్లంటే నాలుగు గంటలు. మేం పని పెట్టుకున్న ముందురోజు ఉదయం దాన్ని 300కి, అంటే 5 నిమిషాలకు దించాం. దించగానే ఫలితం ఉండదు. దించడానికి క్షణం ముందు చీటీ రాసుకున్నవాళ్లు ఇంకా నాలుగు గంటలు పాతదే నమ్ముతారు. టీటీఎల్ తగ్గించి, వెంటనే అడ్రసు మార్చేసి, "తగ్గించినా లాభం లేదు" అనేవాళ్లు తప్పుతున్నది ఇక్కడే. పాత గడువు ఎంతో, కనీసం అంతసేపు ఆగాలి.

ఇంత చేసినా కొన్ని సర్వర్లు మన గడువును లెక్కచేయవు, ఎక్కువసేపే పట్టుకుంటాయి. కాబట్టి కొంతకాలం కొందరు పాత గుమ్మానికి, కొందరు కొత్త గుమ్మానికి వస్తారు. దాన్ని ఎవరూ ఆపలేరు. మనం చేయవలసిందల్లా రెండు గుమ్మాలూ తెరిచి ఉంచడం.

కొత్త గుమ్మం తెరిచేముందు లోపల అంతా సరిగా ఉందో లేదో చూసుకోవాలి. ఫైళ్లు, డేటాబేసు రెండు రోజుల ముందే కొత్త సర్వరుకు కాపీ చేశాం. డీఎన్ఎస్ ఇంకా పాత సర్వరునే చూపిస్తుండగా కొత్తదాన్ని చూడాలంటే మన కంప్యూటరుకు మాత్రమే వేరే అడ్రసు చెప్పాలి. విండోస్‌లో C:\Windows\System32\drivers\etc\hosts ఫైలులో, మ్యాక్, లినక్స్‌లలో /etc/hosts లో ఈ వరుస చేరిస్తే చాలు.

```
198.51.100.20  example.com  www.example.com
```

ఇక లోకమంతటికీ పాత సైటు, మనకొక్కరికీ కొత్తది. పరీక్ష అయ్యాక ఈ వరుస తీసేయాలి. లేకపోతే డీఎన్ఎస్ మారకపోయినా మనకు అంతా బాగున్నట్టే కనపడుతుంది. ఏ గుమ్మంలో ఉన్నామో అనుమానం రాకుండా రెండు సర్వర్లలోనూ ekkada.txt అని చిన్న ఫైలు పెట్టాను. ఒకదాంట్లో "పాత", ఇంకోదాంట్లో "కొత్త" అని రాశాను. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఆ ఫైలు తెరిచి ఏ మాట కనపడిందో ఫోనులో చెబితే సరిపోయింది.

సర్టిఫికెట్ దగ్గర ఒక చిక్కుంది. బ్రౌజరులో తాళం గుర్తు కోసం ఉచితంగా దొరికే సర్టిఫికెట్లను కొత్త సర్వరు మామూలు పద్ధతిలో తీసుకోవాలంటే డొమైన్ అప్పటికే దానివైపు తిరిగి ఉండాలి. తిరిగి, సర్టిఫికెట్ వచ్చేలోపు వచ్చినవాళ్లకు "ఈ సైటు సురక్షితం కాదు" అని ఎర్ర హెచ్చరిక పడుతుంది. డబ్బు కట్టబోయేవాడికి అది మూసిన తలుపుకన్నా ఘోరం. అందుకని పాత సర్వరులోని సర్టిఫికెట్‌ను, దాని ప్రైవేట్ కీని ముందే తెచ్చి కొత్తదాంట్లో పెట్టాం. గడువు తీరడానికి ఇంకా నెలన్నర ఉంది. డీఎన్ఎస్ తిరిగాక కొత్త సర్వరు తన సర్టిఫికెట్ తనే తెచ్చుకుంది.

ఇప్పుడు అసలు గండం. పాత గుమ్మంలోకి వచ్చినావిడ గోంగూర ఆర్డరు ఇస్తే అది పాత డేటాబేసులో పడుతుంది. కొత్త గుమ్మంలోకి వచ్చినాయన ఆర్డరు కొత్తదాంట్లో. రెండిటికీ ఒకే ఆర్డరు నంబరు కూడా రావచ్చు. తర్వాత ఆ రెండు చిట్టాలను కలపడం నరకం. చాలామంది పాత సైటును మూసేసి ఈ గండం దాటతారు. అక్క షరతు ప్రకారం మాకు ఆ దారి లేదు. అందుకని గుమ్మాలు రెండున్నా చిట్టా ఒకటే ఉండేలా చేశాం. పాత సైటు కూడా కొత్త సర్వరులోని డేటాబేసులోనే రాయాలన్నమాట.

దానికి ఏ వేళ మంచిది? రాత్రి రెండింటికని అందరూ అంటారు. అక్క సర్వరు లాగ్ చూస్తే మన అర్ధరాత్రి అమెరికా పగలు, ఆర్డర్లు బాగానే ఉన్నాయి. అన్నిటికన్నా ఖాళీ వేళ మన మధ్యాహ్నం రెండు, మూడింటి మధ్య. ఇక్కడివాళ్లు భోంచేసి నడుం వాలుస్తారు. ఫిబ్రవరిలో అప్పుడు డాలస్‌లో తెల్లవారుజాము రెండున్నర.

సరిగ్గా రెండు గంటలకు వూకామర్స్‌లో చెల్లింపు పద్ధతులన్నీ ఆపేశాం. సైటు తెరుచుకుంటుంది, పచ్చళ్లు చూడవచ్చు, డబ్బు కట్టడం ఒక్కటి కుదరదు. "20 నిమిషాల్లో మళ్లీ రండి" అని పైన ఒక మాట పెట్టాం. అప్పటికే యూపీఐ పేజీలో ఉన్నవాళ్ల చెల్లింపులు ముగియాలని పది నిమిషాలు ఆగాం. తర్వాత డేటాబేసు చివరి కాపీ తీసి కొత్త సర్వరులో ఎక్కించాం. 60 ఎంబీ, నాలుగు నిమిషాలు పట్టింది. ఆ వెంటనే పాత సైటు wp-config.php లో ఈ వరుస మార్చాం, డేటాబేసు పేరు, యూజరు, పాస్‌వర్డు కూడా కొత్తవి పెట్టాం.

```
define( 'DB_HOST', '198.51.100.20' );
```

కొత్త సర్వరు బయటివాళ్లను డేటాబేసులోకి రానివ్వదు కాబట్టి పాత సర్వరు ఐపీకి మాత్రం ముందే అనుమతి ఇచ్చి ఉంచాం. అన్ని హోస్టింగులూ దీన్ని ఒప్పుకోవు, ఎంచుకునేముందే అడగాలి. 2.20కి చెల్లింపులు తెరిచాం. పాత సైటు కాస్త మందగించింది, ప్రతి ప్రశ్నకూ వేరే ఊరి సర్వరుకు వెళ్లిరావాలి కదా. అయినా నడిచింది.

ఇక్కడ వరుస ముఖ్యం. ముందు చిట్టా ఒకటి చేసి, డీఎన్ఎస్ తర్వాత మార్చాం. చిట్టా ఒకటే అయ్యాక అడ్రసు మార్చడంలో తొందర లేదు, భయం లేదు. ఏదైనా తేడా వస్తే పాత అడ్రసు మళ్లీ రాసేయవచ్చు, ఆర్డర్లు ఎటూ పోవు. 2.30కి A రికార్డులో కొత్త ఐపీ రాశాం. పావుగంటలో పాత సర్వరు లాగ్ దాదాపు పల్చబడింది.

పూర్తిగా కాదు. జియో ఫోన్ల నుంచి వచ్చేవాళ్లు చాలామంది ఇంకా పాత గుమ్మంలోనే దిగుతున్నారు. చూస్తే ఐపీవీ6 అడ్రసు చెప్పే AAAA రికార్డు పాతదే ఉంది, దాన్ని నేనే మరిచిపోయాను. జియో ఫోన్లు ఆ దారినే ముందుగా పడతాయి. చిట్టా ఒకటే కాబట్టి నష్టమేమీ జరగలేదు. అదీ మార్చాం.

ఈమెయిలు సంగతి చెప్పకపోతే ఇదంతా వృథా. చిన్న హోస్టింగుల్లో మెయిలు కూడా అదే సర్వరులో ఉంటుంది, MX రికార్డు తరచుగా డొమైన్ పేరునే చూపిస్తుంది. అంటే A రికార్డు మార్చగానే మెయిలు కూడా కొత్త సర్వరుకు పోతుంది. అక్కడ మెయిల్‌బాక్సు ఉండదు, ఉత్తరాలు తిరిగివెళ్తాయి. సైటు బ్రహ్మాండంగా తెరుచుకుంటుంది కాబట్టి రెండు రోజులదాకా ఎవరికీ తెలియదు. మేం ముందే mail.example.com అని ఒక పేరు సృష్టించి పాత ఐపీకి కట్టి, MX ను దానివైపు తిప్పాం. కొత్త సర్వరు ఆర్డరు రసీదులు పంపుతుంది కాబట్టి ఎస్పీఎఫ్ రికార్డులో దాని ఐపీ కూడా చేర్చాం. లేకపోతే రసీదులు స్పామ్‌లో పడతాయి.

ఇంకో మెలిక ఉంది. కొత్త సర్వరు example.com మెయిళ్లు తనవేననుకుంటే, సైటులోని సంప్రదింపు ఫారం నుంచి అక్కకు వెళ్లాల్సిన ఉత్తరాన్ని బయటికి పంపకుండా తనలోనే దాచేసుకుంటుంది. ఒక బేకరీ సైటు మార్చినప్పుడు వారంపాటు కేకు ఆర్డర్ల ఉత్తరాలు నేనిలాగే పోగొట్టాను. సీప్యానెల్‌లో Email Routing దగ్గర Remote Mail Exchanger ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

అక్క డీఎన్ఎస్ పుస్తకం కూడా పాత హోస్టింగు దగ్గరే ఉండేది. ఆ ఖాతా మూస్తే పుస్తకం కూడా పోతుంది. రెండో వారంలో ప్రతి రికార్డునూ కొత్తచోట అచ్చంగా దింపి, ఆ తర్వాతే నేమ్‌సర్వర్లు మార్చాం. వీటికి మన 300 సెకన్లు వర్తించవు. .com పేర్లకు ఆ జవాబు గడువు 172800 సెకన్లు, అంటే రెండు రోజులు, దాన్ని మనం తగ్గించలేం. ఆ రెండు రోజులూ రెండు పుస్తకాలూ ఒకే మాట చెప్పాలి. మెయిల్‌బాక్సులు కూడా అదే వారం తరలించాం, పాత సర్వరుకు ఇచ్చిన డేటాబేసు అనుమతి తీసేశాం.

మీరు ఈ పని చేయబోతుంటే పాత హోస్టింగు గడువు ఇంకా కనీసం నెల ఉండగానే మొదలుపెట్టండి. సైటు మారింది కదా అని మర్నాడే రద్దు చేయకండి. లాగ్‌లో మనుషులెవరూ లేరని, పాత సర్వరులో కొత్త ఉత్తరం ఒక్కటీ పడటం లేదని వారంపాటు చూసి అప్పుడు మూయండి.