15 మిల్లీసెకన్లలో ఎన్ని ఫొటోలు?

రెస్‌నెట్-50 అనేది 2015లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రూపొందించిన మోడల్. ఫొటో ఇస్తే అందులో ఉన్నది కుక్కపిల్లో, టీ కెటిలో, మరొకటో చెబుతుంది. వెయ్యి రకాల వస్తువుల్ని గుర్తుపడుతుంది. అది నేర్చుకోవలసింది ఎప్పుడో నేర్చేసుకుంది. ఇక దాన్ని ఒక వెబ్ ఏపీఐ వెనక కూర్చోబెట్టాలి. ఎవరి ఫోన్ నుంచో ఫొటో వస్తుంది, జవాబు వెంటనే వెళ్లాలి. ఒక్కరు పంపితే ఇబ్బందేమీ లేదు. సెకనుకు వెయ్యి ఫొటోలు వచ్చి పడినప్పుడే సర్వర్ సత్తా బయటపడుతుంది.

'వెంటనే' అంటే ఎంతసేపు? సర్వర్ల వేగాన్ని పోల్చి చూసే ఎంఎల్‌పెర్ఫ్ పరీక్షల్లో ఈ మోడల్‌కు 15 మిల్లీసెకన్ల గడువు పెట్టారు. అంటే సెకనులో 66వ వంతు. నూటికి 99 ఫొటోలకు ఆ గడువు లోపల జవాబు రావాలి. సగటు చూసి సరిపెట్టుకోవడానికి వీల్లేదు. వందలో 95 మందికి 5 మిల్లీసెకన్లలోనూ, మిగతా ఐదుగురికి 100 మిల్లీసెకన్లకూ జవాబు వెళ్లిందనుకుందాం. సగటు 10 లోపే తేలుతుంది, కానీ ఆ ఐదుగురికీ గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఈ లెక్కలు చేసేది జీపీయూ కార్డు. దానిలో వేల సంఖ్యలో చిన్న చిన్న గణన యూనిట్లు ఉంటాయి. ఒక్క ఫొటో ఇస్తే వాటిలో చాలా భాగం ఖాళీగానే ఉండిపోతాయి. పైగా రెస్‌నెట్-50లో సుమారు 2 కోట్ల 56 లక్షల సంఖ్యలున్నాయి. మామూలు పద్ధతిలో దాచుకుంటే అవి దాదాపు 100 మెగాబైట్లు. ఒక్క ఫొటో కోసమైనా వాటన్నిటినీ మెమరీ నుంచి తెచ్చుకోవాల్సిందే. ఎనిమిది ఫొటోలు ఒకేసారి ఇస్తే, అదే తెచ్చుకోవడం ఎనిమిదింటికీ పనికొస్తుంది. ఇలా కలిపి పంపడాన్నే బ్యాచింగ్ అంటారు.

లెక్క కోసం ఒక కార్డును ఊహించుకుందాం. ఒక్క ఫొటోకు 3 మిల్లీసెకన్లు, ఎనిమిదికి కలిపి 5, పదహారుకు 7.3, ముప్ఫైరెండుకు 12 పడుతుందనుకుందాం. ఒక్కొక్కటే పంపితే ఆ కార్డు సెకనుకు 333 ఫొటోలకు మించి చూడలేదు. వెయ్యి వస్తుంటే ప్రతి సెకనుకూ 667 ఫొటోలు క్యూలో మిగిలిపోతాయి. ఒక్క సెకను గడిచేసరికే, చివర నిలబడిన ఫొటో వంతు రావడానికి ఇంకో రెండు సెకన్లు పడుతుంది. ఎనిమిదేసి పంపితే అదే కార్డు 1,600 చూడగలదు. ముప్ఫైరెండేసి పంపితే 2,600 దాటుతుంది.

అలాగని ఎప్పుడూ ముప్ఫైరెండు నిండేదాకా ఆగితే సరిపోతుందా? సెకనుకు వెయ్యి చొప్పున వచ్చేటప్పుడు అన్ని పోగవడానికే 31 మిల్లీసెకన్లు పడుతుంది. మొదట వచ్చిన ఫొటోకు కార్డు ఎక్కకముందే గడువు అయిపోతుంది. సీట్లన్నీ నిండితే గానీ కదలని షేర్ ఆటోలో మొదట ఎక్కి కూర్చున్నవాడి పరిస్థితే దానిదీ.

అందుకే సర్వర్‌కు రెండు హద్దులు చెబుతారు. బ్యాచ్ ఇంతకు మించకూడదు అన్నది ఒకటి, నిండకపోయినా ఇంతసేపటికి మించి ఆగకూడదు అన్నది రెండోది. గూగుల్ టెన్సర్‌ఫ్లో సర్వింగ్‌లోనూ, ఎన్విడియా ట్రైటన్‌లోనూ ఈ రెండు మీటలూ ఉన్నాయి.

మొదటి హద్దు ఎంత పెట్టాలో గడువే చెబుతుంది. ఒక బ్యాచ్ అలా కదిలిందో లేదో, ఆ మరుక్షణమే ఒక ఫొటో వచ్చిందనుకోండి. ముందు బ్యాచ్ పూర్తయ్యేదాకా అది ఆగాలి, ఆ తర్వాత తన బ్యాచ్‌కు పట్టే సమయం. అంటే బ్యాచ్ సమయానికి రెట్టింపు 15 లోపల ఇమడాలి. పదహారు ఫొటోలైతే 14.6, బొటాబొటీగా సరిపోతుంది. ముప్ఫైరెండైతే 24, సరిపోదు. కాబట్టి మన కార్డుకు హద్దు పదహారు. ఇక నిరీక్షణ 2 మిల్లీసెకన్లు చాలు. ట్రైటన్‌లో ఆ సంగతి `config.pbtxt` అనే ఫైలులో ఇలా రాస్తారు:

```
max_batch_size: 16
dynamic_batching {
  max_queue_delay_microseconds: 2000
  default_queue_policy {
    timeout_action: REJECT
    default_timeout_microseconds: 7500
    max_queue_size: 32
  }
}
```

ఇలా పెట్టాక బ్యాచ్ సైజు తనంతట తానే సర్దుకుంటుంది. సెకనుకు వెయ్యి వస్తుంటే, ఒక బ్యాచ్ నడిచే 4 మిల్లీసెకన్లలో నాలుగు ఫొటోలు చేరతాయి, అవే తర్వాతి బ్యాచ్. రద్దీ 1,500కు పెరిగితే బ్యాచ్ ఏడుకు పెరుగుతుంది. 2,000 అయితే దాదాపు పదమూడు. కాగితం మీద అక్కడిదాకా గడువు నిలుస్తుంది. అయితే ఫొటోలు వరసలో లెక్క పెట్టినట్టు రావు, గుంపులు గుంపులుగా వస్తాయి. ఒక్క గుంపు పడితే చాలు, 2,000 దగ్గర క్యూ తేరుకోవడం కష్టం. 1,500 దాటగానే రెండో కార్డు పెట్టుకోవడం మేలు.

గడువు పెట్టినందుకు మూల్యం ఉంటుంది. గూగుల్ ఇంజనీర్లు తమ టీపీయూ చిప్ గురించి 2017లో ప్రచురించిన పత్రంలో ఆ మూల్యం స్పష్టంగా కనిపిస్తుంది. అది ఫొటోల మోడల్ కాదు గానీ పరిస్థితి ఇదే. గడువు 7 మిల్లీసెకన్లు. కే80 జీపీయూ 64 చొప్పున తీసుకుంటే ఎక్కువ పని చేసేది, కానీ అప్పుడు 8.3 మిల్లీసెకన్లు పట్టేది. గడువుకు కట్టుబడి 16 చొప్పున పంపితే, తాను చేయగలిగిన పనిలో 37 శాతమే చేసింది.

పై ఫైలులో `REJECT` అన్న మాటకు పెద్ద పనే ఉంది. 7.5 మిల్లీసెకన్లు క్యూలోనే గడిపిన ఫొటోకు నిండు బ్యాచ్‌లో ఇంకో 7.3 పడుతుంది. అంతకన్నా ఎక్కువ ఆగినదాన్ని కార్డు ఎక్కించినా జవాబు ఆలస్యంగానే వస్తుంది. ఆ పాటికి పంపినవాళ్ల యాప్ విసిగి, అదే ఫొటోను మళ్లీ పంపవచ్చు. అప్పుడు కార్డు ఎవరికీ అక్కర్లేని జవాబులు తయారు చేస్తూ, కొత్తవాళ్లను కూడా ఆలస్యం చేస్తుంది. దానికన్నా 'ఇప్పుడు కుదరదు' అని వెంటనే చెప్పేయడమే పంపినవారికీ, వెనకున్నవారికీ మంచిది.

తేడా వచ్చినప్పుడు లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి ట్రైటన్ విడివిడిగా లెక్కలు చూపిస్తుంది. `nv_inference_queue_duration_us` క్యూలో గడిచిన సమయం, `nv_inference_compute_infer_duration_us` మోడల్ లెక్కకు పట్టిన సమయం. మొదటిది పెరుగుతూ రెండోది నిలకడగా ఉంటే రద్దీ కార్డు శక్తిని మించిందని అర్థం. `nv_inference_count`ను `nv_inference_exec_count`తో భాగిస్తే సగటు బ్యాచ్ సైజు తెలుస్తుంది. రద్దీ ఉన్నా అది 1 దగ్గరే ఉంటే ఫొటోలు అసలు కలవడం లేదన్నమాట. ఈ రెండు సమయాలూ తక్కువగా ఉండి, బయటివాళ్లకు మాత్రం జవాబు ఆలస్యమవుతుంటే చాలాసార్లు తప్పు మోడల్‌ది కాదు. ఫోన్ నుంచి వచ్చే జేపీఈజీ ఫొటోను విప్పి, 224×224 సైజుకు కుదించే పని మామూలుగా సీపీయూ చేస్తుంది. ఆ సీపీయూ ఉక్కిరిబిక్కిరవుతుంటే జీపీయూ ఖాళీగా కూర్చుంటుంది.

పరీక్షించే తీరులోనూ పొరపాటు జరుగుతుంది. ఒక జవాబు వచ్చాకే తర్వాతి ఫొటో పంపే ప్రోగ్రామ్‌తో కొలిస్తే, సర్వర్ నెమ్మదించినప్పుడల్లా ప్రోగ్రామ్ కూడా నెమ్మదిస్తుంది, క్యూ ఎప్పటికీ పెరగదు. ఫలితాలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి. నిజంగా వాడేవాళ్లు అలా ఒకరి కోసం ఒకరు ఆగరు. అందుకే ఎంఎల్‌పెర్ఫ్ సర్వర్ పరీక్షలో జవాబులతో నిమిత్తం లేకుండా, యాదృచ్ఛిక వ్యవధుల్లో ఫొటోలు పంపుతూ పోతారు. 99వ శాతం గడువు దాటనంతవరకు సెకనుకు ఎన్ని పంపగలిగారో ఆ సంఖ్యనే సర్వర్ సామర్థ్యంగా లెక్కిస్తారు.