18,500 డాలర్లు పంపితే 18,465 ఎందుకు చేరాయి?

చర్లపల్లిలోని ఒక ప్యాకింగ్ యూనిట్ చైనాలోని నింగ్బో నుంచి మెషీన్ తెప్పించుకుంటోంది అనుకుందాం. ఇన్వాయిస్ 18,500 డాలర్లు. మెషీన్ ఓడెక్కింది, బ్యాంకు డబ్బు పంపింది. నాలుగు రోజులకు సప్లయర్ నుంచి మెయిల్ వచ్చింది: ఖాతాలో పడింది 18,465 మాత్రమే, మిగతా 35 డాలర్లు వచ్చేదాకా ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వం అని.

ఈ 35 ఎక్కడ పోతాయో పంపకముందే తెలుసుకోవచ్చు. బ్యాంకు పంపబోయే స్విఫ్ట్ మెసేజ్ డ్రాఫ్ట్ అడిగి చూస్తే చాలు. పేర్లు తీసేసి, కల్పిత కోడ్‌లు పెడితే అందులోని ముఖ్యమైన లైన్లు పాత ఫార్మాట్‌లో ఇలా ఉంటాయి:

```
:32A:250317USD18500,00
:56A:AAAAUS33
:57A:BBBBCNBN
:59:/1234567890123456
:71A:SHA
```

మొదటి లైన్‌లో తేదీ, కరెన్సీ, మొత్తం ఉంటాయి. 250317 అంటే 2025 మార్చి 17. 18500 తర్వాత ఉన్న కామా దశాంశ బిందువు, అది చూసి కంగారు పడక్కర్లేదు.

చివరి లైన్‌కు వద్దాం. SHA అంటే మన బ్యాంకు చార్జీలు మనవి, ఆ తర్వాతివన్నీ అవతలివాళ్లవి. మధ్యలోని బ్యాంకు 25, సప్లయర్ బ్యాంకు 10 డాలర్లు కోసుకుంటే చేరేది 18,465. ముందే 35 కలిపి 18,535 పంపుదామంటే, ఇన్వాయిస్ కన్నా ఎక్కువ ఎందుకని బ్యాంకు అడుగుతుంది. తర్వాత పంపుదామంటే 35 డాలర్ల కోసం మరో రెమిటెన్స్, మళ్లీ కాగితాలు, మళ్లీ చార్జీలు. పూర్తి మొత్తం చేరాలని సప్లయర్‌తో ఒప్పందం ఉంటే ఇక్కడ OUR ఉండాలి. అప్పుడు దారిలోని చార్జీలు కూడా మనమే కడతాం. OUR రాసినా అమెరికా బ్యాంకులు కొన్నిసార్లు కోత పెడతాయి. అందుకే పూర్తి మొత్తం చేరే ఏర్పాటు మీకు ఉందా అని బ్యాంకును విడిగా అడగాలి. 2025 నవంబరు నుంచి బ్యాంకుల మధ్య ఈ చెల్లింపు మెసేజ్‌లు కొత్త ఫార్మాట్‌కు మారాయి. అందులో OURకు DEBT అని, SHAకు SHAR అని రాస్తారు, అర్థం మాత్రం అదే.

56A, 57A లైన్లు తారుమారైతే పోయేది 35 డాలర్లతో ఆగదు. 57A సప్లయర్‌కు ఖాతా ఉన్న బ్యాంకు. 56A ఆ బ్యాంకు తన డాలర్ ఖాతా పెట్టుకున్న మధ్యవర్తి బ్యాంకు, సాధారణంగా న్యూయార్క్‌లో ఉంటుంది. ప్రొఫార్మా ఇన్వాయిస్‌లో రెండు బ్యాంకుల పేర్లూ పక్కపక్కనే ఉండటంతో న్యూయార్క్ బ్యాంకును 57Aలో ఎక్కించేస్తుంటారు. ఆ బ్యాంకు సప్లయర్ ఖాతా నంబర్‌ను తన పుస్తకాల్లో వెతుకుతుంది, దొరకక డబ్బు వెనక్కి పంపుతుంది. మనకు డాలర్లు అమ్మిన రేటుకు బ్యాంకు తిరిగి కొనదు. రెండు రేట్లకూ తేడా 60 పైసలనుకున్నా 18,500 డాలర్ల మీద 11,100 రూపాయలు పోతాయి. తిరుగు చార్జీలు దీనికి అదనం.

అన్నిటికన్నా ఎక్కువసేపు చూడాల్సింది బెనిఫిషియరీ వివరాలు. పాత ఫార్మాట్‌లోని 59లో ఖాతా నంబర్ కింద పేరు, చిరునామా రాయడానికి నాలుగు లైన్లే, లైన్‌కు 35 అక్షరాలే. చైనా కంపెనీల పేర్లు పొడుగ్గా ఉంటాయి. చివరి CO., LTD. రెండో లైన్‌లోకి వచ్చిందా, మధ్యలో తెగిపోయిందా చూడాలి. ఆ ఫార్మాట్‌లో & గుర్తు చెల్లదు, ఆ చోట AND అని రాయాలి. ఖాతా పేరుతో తేడా వస్తే సప్లయర్ బ్యాంకు డబ్బు జమ చేయకుండా వివరణ అడుగుతుంది.

తర్వాత 57Aలోని బ్యాంకు కోడ్. ఎనిమిది లేదా పదకొండు అక్షరాల ఆ కోడ్‌లో అయిదు, ఆరు అక్షరాలు దేశాన్ని చెబుతాయి. CN చైనా, HK హాంకాంగ్. గత మూడు ఇన్వాయిస్‌లలో CN ఉండి, ఈసారి ‘మా బ్యాంకు మారింది’ అనే మెయిల్‌తో పాటు HK వస్తే అక్కడే ఆగండి. అది నిజమైన మార్పే కావచ్చు, మెయిల్‌లోకి చొరబడ్డ మోసగాడి ఖాతా కూడా కావచ్చు. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కు కాకుండా, మీ దగ్గరున్న పాత నంబర్‌కు ఫోన్ చేసి ఖాతా నంబర్ వాళ్ల నోటితో చెప్పించుకోండి. యూరప్ ఖాతాలకుండే ఐబ్యాన్‌లో రెండు తనిఖీ అంకెలు ఉంటాయి. అవి టైపింగ్ తప్పును పట్టుకుంటాయి తప్ప, ఖాతా ఎవరిదో చెప్పవు. చైనా ఖాతాలకు ఐబ్యాన్ కూడా లేదు.

అందుకే ఇన్వాయిస్‌నూ డ్రాఫ్ట్‌నూ పక్కపక్కన పెట్టి, ఒకరు పైకి చదువుతుంటే మరొకరు అంకె అంకె సరిచూడాలి. మెసేజ్ వెళ్లాక మన బ్యాంకు డబ్బు వెనక్కి కోరవచ్చు. కానీ ఒకసారి అవతలి ఖాతాలో జమైతే, సాధారణంగా ఆ ఖాతాదారు ఒప్పుకుంటే తప్ప తిరిగి రాదు.